రెండో కొట్టు తెరుస్తున్నాం, మొదటిదీ ఉంటుంది

చెన్నై సౌకార్‌పేటలో పాతుకుపోయిన కొట్టు ఊళ్లో మరోచోట శాఖ తెరిస్తే, వాడుక ఖాతాదార్లకు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో వెళ్లే కబురు నాలుగైదు వరుసలకు మించదు. వాటిలో మొదటిది ఒక అనుమానాన్ని తీర్చాలి. పాత కొట్టు ఉంటుందా, ఎత్తేస్తారా? కొత్త చిరునామా ఆ తర్వాతి సంగతి.

ఈ పేటలో ఆ అనుమానానికి కారణం ఉంది. కన్యకాపరమేశ్వరి ఆలయం చెంత సాగిన కొత్తవాల్ చావడి కూరగాయల మార్కెట్ 1996లో కోయంబేడుకు తరలిపోయింది. తరాలుగా ఒకేచోట సరుకు కొన్నవాళ్లు కళ్లెదుట బజారే లేచిపోవడం చూశారు. అందుకే ‘కొత్తచోటికి వస్తున్నాం’ అన్న మాట పాత ఖాతాదారు చెవికి ‘ఇక్కడ మూసేస్తున్నాం’ అన్నట్టు తగలవచ్చు. బాకీ ఉన్నవాళ్ల కంటే, బయానా ఇచ్చినవాళ్లు ముందు కంగారుపడతారు.

కబురు రాయడానికి ముందు అది చేరే దారి తెలియాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి చేర్చలేరు. గ్రూపులోలా ఒకరి నంబరు మరొకరికి కనబడదు. ప్రతి ఒక్కరికీ విడిగా రాసినట్టే వెళుతుంది, జవాబూ విడిగానే వస్తుంది. అసలు షరతు వేరే ఉంది: కొట్టు నంబరును తన ఫోనులో దాచుకున్న మనిషికే ఆ కబురు అందుతుంది. కొట్టువాళ్ల దగ్గర ఖాతాదారు నంబరు ఉంటే సరిపోదు.

శాఖ తెరిచేవాళ్లు తరచుగా బోల్తాపడేది ఇక్కడే. కొత్త శాఖకు కొత్త ఫోను, కొత్త సిమ్ము కొని, దానికి పాత నంబర్లన్నీ ఎక్కించి, అందులోంచే ప్రారంభోత్సవ కబురు పంపుతారు. ఆ నంబరు ఎవరి ఫోనులోనూ ఉండదు కనుక అది దాదాపు ఎవరికీ చేరదు. బ్రాడ్‌కాస్ట్ మానేసి అదే నంబరు నుంచి వందలమందికి విడివిడిగా పంపితే ముప్పు ఇంకా ఎక్కువ. ఎవరో తెలియని నంబరని కొందరు బ్లాక్ చేసినా, ఫిర్యాదు చేసినా వాట్సాప్ ఆ ఖాతాను ఆపేయవచ్చు. కబురు పాత నంబరు నుంచే వెళ్లాలి. కొత్త నంబరును అందులో జతచేసి, దాచుకోమని అడగాలి.

ఉదాహరణకు మింట్ వీధిలో పట్టుచీరల కొట్టు ఒకటుందనుకుందాం. అన్నానగర్‌లో శాఖ తెరుస్తోంది. పుస్తకంలో 600 నంబర్లున్నాయి. వాటిని భాషను బట్టి విడదీస్తే తెలుగువాళ్లు 210, తమిళులు 250, హిందీ చదివేవాళ్లు 140. మూడు జాబితాలు, మూడు భాషల్లో మూడు కబుర్లు. ఒకే కబురులో మూడు భాషలూ కుక్కితే అది పొడవెక్కి, సగం ‘Read more’ వెనక్కి పోతుంది. తెలుగు జాబితాలో చెన్నైవాళ్లతో పాటు పెళ్లి బట్టలకు నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేటల నుంచి వచ్చే కుటుంబాలూ ఉంటాయి. వాళ్లకు పంపే కబురు ఇలా ఉండవచ్చు:

“మింట్ వీధిలో మన కొట్టు ఎప్పటిలాగే ఉంటుందండీ. దానికి తోడు అన్నానగర్‌లో రెండో కొట్టు తెరుస్తున్నాం. వచ్చే శుక్రవారం ఉదయం 9 గంటలకు పూజ, మధ్యాహ్నం 12 నుంచి అమ్మకం. ధరలు రెండుచోట్లా ఒకటే. ఇక్కడ కొన్న చీర అక్కడ మార్చుకోవచ్చు. మీరు కుటుంబంతో రావాలి. దారి కింద పంపుతున్నాం.”

వాట్సాప్ తెరవగానే చాట్ల వరుసలో కనబడేది కబురు మొదటి ముక్కే. అక్కడ ‘శుభోదయం’, పువ్వులు, దండాలు పెడితే చెప్పాల్సింది మరుగున పడుతుంది. రంగురంగుల పోస్టరులోనే అంతా రాయించి పంపడం ఇంకో అలవాటు. ఫొటోలు వాటంతట అవి దిగకుండా పెట్టుకున్న ఫోనులో అది మసకగానే ఉండిపోతుంది. నెల తర్వాత చిరునామా కోసం వెతికితే దొరకదు. పోస్టరు ఉండవచ్చు, కానీ అసలు సంగతులు దాని కింద అక్షరాల్లో ఉండాలి. చెన్నై తలుపుల మీద పాత నంబరు, కొత్త నంబరు అని రెండేసి ఉంటాయి కనుక చిరునామాలో రెండూ రాయాలి. మ్యాపు లింకును శాఖ గుమ్మం ముందు నిలబడి తీసుకోవాలి.

రోజు ఎంచడంలో చెన్నై తెలుగు కొట్టుకు రెండు పంచాంగాలు అడ్డొస్తాయి. తెలుగువాళ్ల ఆషాఢం చాంద్రమానం, అమావాస్యతో ముగుస్తుంది. తమిళుల ఆడి మాసం సౌరమానం, జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. చాలా ఏళ్లలో మనవాళ్లకు శ్రావణం వచ్చేసినా తమిళులకు ఇంకా ఆడి మాసమే నడుస్తుంటుంది. వరలక్ష్మీవ్రతం బేరాల ఆశతో శ్రావణం మొదట్లో తెరిస్తే జాబితాలో పెద్ద భాగానికి అది కొత్త పనికి మంచి కాలం కాదు. పై కబురులో పూజకూ అమ్మకానికీ మూడు గంటల ఎడం ఉండడానికీ కారణముంది: శుక్రవారం రాహుకాలం 10.30 నుంచి 12 దాకా. పూజ వేళ ఒక్కటే రాస్తే అందరూ 9 గంటలకే వచ్చి, బేరం మొదలుకాక నిలబడాలి.

వారం ముందు ఒకసారి, ముందురోజు రెండు వరుసల్లో ఇంకోసారి పంపితే చాలు. రోజూ పంపితే నంబరు తీసేస్తారు. అప్పుడు తర్వాతి కబుర్లూ చేరవు. పంపాక జవాబులు చూసే మనిషిని కూర్చోబెట్టాలి. వచ్చే ప్రశ్నలు దాదాపు అవే: కుట్టుకిచ్చిన జాకెట్టు ఎక్కడ తీసుకోవాలి, పాత గుమాస్తా అక్కడ ఉంటాడా, ఆదివారం తెరుస్తారా? వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఇలాంటి జవాబులను ముందే దాచుకుని ‘/’ కొట్టి పిలవవచ్చు. బాకీల ఊసు మాత్రం ఈ కబురుతో కలపకూడదు.

పాత ఖాతాదార్లకే అని తగ్గింపు ఇస్తే ‘ఈ మెసేజ్ చూపించండి’ అన్న షరతు నిలవదు. నెల్లూరులో ఉన్న చెల్లెలికి అక్క పంపిస్తుంది, ఆవిడ ఇంకొకరికి. ఇలా చేతులు మారినదాని మీద ‘Forwarded’ అని ఉంటుంది, నేరుగా వచ్చినదాని మీద ఉండదు. అంతకంటే తేలిక, బిల్లు వేసేటప్పుడు నంబరు పుస్తకంలో ఉందో లేదో చూడడం. అయినా ఆ చెల్లెల్ని తగ్గింపు లేకుండా పంపడం తెలివైన బేరం అనిపించుకోదు.

రెండు రోజులయ్యాక ‘Message info’ తెరిస్తే ఎవరు చదివారో, ఎవరికి అందిందో పేర్లు కనబడతాయి. అందినవాళ్లలో ఉండి చదివినవాళ్లలో లేనివాళ్లు నీలి టిక్కులు ఆపుకున్నవాళ్లు కావచ్చు, వాళ్లను వదిలేయవచ్చు. రెండింట్లోనూ లేనివాళ్లే లెక్కలోకి వస్తారు. 210 మందిలో 60 మంది అలా మిగిలారనుకుంటే, వాళ్లలో కొందరి ఫోను మూలపడి ఉంటుంది, కొందరు నంబరు మార్చి ఉంటారు, ఎక్కువమంది కొట్టు నంబరు దాచుకోనివాళ్లే అయ్యుంటారు. డబ్బు కట్టి వాడే వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్‌లో నంబరు దాచుకోనివాళ్లకూ పంపవచ్చు, కానీ వాళ్ల సమ్మతి ముందే తీసుకోవాలి, కబురు నమూనాకు ముందుగా ఆమోదం పొందాలి. 60 మంది కోసం అంత ఏర్పాటు దండగ. వాళ్లకు ఫోను చేసి పిలిచి, అదే మాటలో నంబరు దాచుకోమనడం నయం. ఫోనుకూ దొరకని పెద్దలకు కార్డులు పంపవచ్చు, శుభలేఖల వ్యాపారం సాగే ఆండర్సన్ వీధి ఇక్కడికి దగ్గరే. యాభై కార్డులు అచ్చువేయించి, వాటిమీద పాత కొట్టు నంబరును పెద్ద అక్షరాల్లో వేయిస్తే సరిపోతుంది.