కడిగినా పోని పిల్లి మూత్రం వాసన

పిల్లి మూత్రం పోసిన మూలను ఫినాయిల్‌తో కడుగుతాం. రెండు రోజులు ఇల్లంతా ఫినాయిల్ వాసనే. నాలుగో రోజు ముసురు పట్టగానే పాత వాసన మళ్లీ లేస్తుంది. పిల్లి మళ్లీ పోసిందేమోనని దాన్ని తిడతాం. చాలాసార్లు తప్పు పిల్లిది కాదు, మనం వాడిన సరుకుది.

తాజా మూత్రానికి అంత ఘాటు ఉండదు. అందులోని యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొట్టి అమ్మోనియాగా మార్చినప్పుడు ముక్కు మండించే మొదటి వాసన వస్తుంది. అసలు మొండి వాసన మాత్రం ఫెలినిన్ అనే పదార్థానిది. పిల్లి జాతి మూత్రంలోనే కనిపించే ఈ గంధకపు అమైనో ఆమ్లం ఆపరేషన్ చేయించని మగ పిల్లుల్లో చాలా ఎక్కువ. పోసినప్పుడు దీనికి వాసన ఉండదు. నెమ్మదిగా విరిగేకొద్దీ గంధకపు వాసన బయటికి వస్తుంది, అది లేశమాత్రం ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. వీటితోపాటు నీళ్లలో సరిగా కరగని యూరిక్ ఆమ్లపు లవణాలు గుడ్డ పోగుల్లో, టైల్స్ మధ్య సందుల్లో ఎండి గట్టిపడతాయి. గాలిలో తేమ పెరిగితే ఆ మరకలోంచి వాసన మళ్లీ మొదలవుతుంది.

సబ్బు, డిటర్జెంట్ కరిగే భాగాన్నే తీసుకుపోతాయి. ఫినాయిల్ తన వాసనతో దాన్ని కప్పేస్తుంది. పైగా ఫినాలిక్ పదార్థాలను శరీరంలోంచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే అది దానికి విషమే. వెనిగర్ అమ్మోనియాను కొంత అణచగలదు కానీ, కడప బండలు, పాలరాయి సున్నపురాళ్లు కాబట్టి వాటి మెరుపు తినేస్తుంది. బ్లీచింగ్ నీళ్లు మరీ ప్రమాదం: అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులను మండించే క్లోరమైన్ వాయువు పుడుతుంది.

ఎంజైమ్ క్లీనర్ చేసే పని వేరు. అది వాసనను కప్పదు, వాసన పుట్టించే పదార్థాన్నే ముక్కలు చేస్తుంది. చాలా రకాల్లో ఎంజైములతోపాటు హాని చేయని బ్యాసిలస్ బ్యాక్టీరియా కూడా ఉంటుంది. తడి తగలగానే అది మేల్కొని, ఆ మరకనే తిండిగా తింటూ కొత్త ఎంజైములు తయారు చేస్తుంది. అందుకే దీనికి రెండు కావాలి: ఆరని తడి, చాలినంత సమయం. స్ప్రే కొట్టి ఐదు నిమిషాల్లో తుడిచేస్తే డబ్బు దండగ.

దూది పరుపు మీద పోసిందనుకుందాం. తడిగా ఉండగానే పాత తువ్వాలు పెట్టి, రుద్దకుండా గట్టిగా అదమాలి. తర్వాత చల్లనీళ్లు చిలకరించి మళ్లీ అదమాలి. వేడినీళ్లు, ఆవిరి వద్దు, వేడికి మరక పోగుల్లో బిగుసుకుంటుంది, ఎంజైములూ పాడవుతాయి. ముందే ఫినాయిలో సబ్బో వాడి ఉంటే అది పూర్తిగా పోయేలా కడగాలి, లేకపోతే ఎంజైములు పనిచేయవు. పాత మరకైతే చీకట్లో యూవీ టార్చ్ వేస్తే పసుపుపచ్చగా మెరుస్తుంది.

పైన అరచేయంత మరక కనిపించినా లోపల దూదిలో అది రెట్టింపు వెడల్పున పాకి ఉంటుంది. కాబట్టి చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు కలిపి, మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు చేరేలా క్లీనర్ పోయాలి. దానిమీద ప్లాస్టిక్ షీట్ కప్పి రాత్రంతా వదిలేయాలి. మధ్యలో వాసన పెరిగినట్టనిపిస్తే కంగారు పడొద్దు, యూరియా విరిగి అమ్మోనియా బయటికి వస్తున్నప్పుడు అలాగే ఉంటుంది. పొద్దున అదిమి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఫలితం తడి మీద తెలియదు. బాగా ఆరాక ముక్కు దగ్గర పెట్టి చూడాలి. ఇంకా ఉంటే మరోసారి చేయాలి. పాత మరకకు రెండు మూడు సార్లు పడుతుంది.

బట్టలైతే చల్లనీళ్లలో జాడించి, సీసా మీద చెప్పినంతసేపు క్లీనర్‌లో నానబెట్టి ఉతకాలి. వాసన పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయొద్దు. టైల్స్ పైన సులువే కానీ మధ్య సందుల్లోకి క్లీనర్ దిగాలి.

దీనికీ పరిమితి ఉంది. ఏళ్ల తరబడి తడిసిన పరుపు, పూత లేని సిమెంటు నేల, అతుకుల్లోంచి కిందికి దిగిన చెక్క ఫ్లోరింగ్ దగ్గర క్లీనర్ చేరని చోట వాసన ఉండిపోతుంది. అక్కడ ఆ దూదిని మార్చడమో, నేలను బాగా ఆరబెట్టి సీలర్ పూయడమో తప్ప దారి లేదు.

శుభ్రం చేశాక కూడా పిల్లి ఇసుక పెట్టె వదిలి బయట పోస్తూనే ఉంటే పశువైద్యుడికి చూపించాలి, మూత్రాశయపు వాపో రాళ్లో కారణం కావచ్చు. మగ పిల్లి పదేపదే కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకూడదు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.