చల్లటి చెమటతో ఛాతీ బరువు: గ్యాస్ అనుకోవద్దు

పెళ్లి భోజనం చేసొచ్చిన 50 ఏళ్ల మనిషికి రాత్రి ఉన్నట్టుండి ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టయింది అనుకుందాం. ఒళ్లంతా చల్లటి చెమట. ఇంట్లోవాళ్లు సోడా తాగించారు. రెండు త్రేన్పులు వచ్చి కాస్త తేలికపడింది. సరిగ్గా ఇక్కడే మోసపోతాం. గుండె నుంచి, అన్నవాహిక నుంచి వచ్చే నొప్పి కబుర్లు దాదాపు ఒకే నరాల దారిలో వెన్నుపాముకు చేరతాయి. అందుకే మెదడు కూడా తేడా పట్టలేకపోతుంది. గుండె కింది గోడకు రక్తం ఆగినప్పుడు వికారం, వాంతి కూడా వస్తాయి. పైగా గుండెనొప్పి దానంతటదే కాసేపు తగ్గొచ్చు. ఆ పేరు సోడాకి పోతుంది.

ఎసిడిటీ మంట పొట్ట పైనుంచి గొంతువైపు ఎగబాకుతుంది, నోట్లోకి పుల్లటి నీళ్లొస్తాయి, వంగితే, పడుకుంటే పెరుగుతుంది. గుండెనొప్పి ఎక్కువమందికి నొక్కేసినట్టు, బిగించినట్టు ఉండి చేతికో దవడకో పాకుతుంది. చల్లచెమట ఎసిడిటీ లక్షణం కాదు. షుగరున్నవాళ్లకైతే నొప్పే లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే కనిపించవచ్చు.

ఆసుపత్రిలో 10 నిమిషాల్లోపే ఈసీజీ తీయాలి. మొదటిది మామూలుగా ఉందని ఇంటికి వచ్చేయకూడదు. అనుమానముంటే మళ్లీ తీసి, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. ఇలాంటి నొప్పి వస్తే మాత్ర వేసి ఎదురుచూడకండి, సొంతంగా బండి నడపకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.