కొత్త ఖాతాకు గుమ్మం లాంటి పోస్టు

ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరిదో ఒక రీల్ కళ్లబడుతుంది. బాగుందనిపించి ఆ పేరు మీద నొక్కుతాం. వరసగా చదరాల్లో బొమ్మలు కనిపిస్తాయి. కొత్తవి పైన, పాతవి అడుగున ఉంటాయి. ఈ ఖాతా ఎవరిది, ఇందులో మనకు పనికొచ్చేది ఏముంది, ఏది ముందు చదవాలి అన్నది ఆ చదరాలు చెప్పవు. రాసేవారికి తమ మొదటి పోస్టు నుంచి నిన్నటి పోస్టు దాకా వరస తెలుసు. కొత్తగా వచ్చినవారు మాత్రం మధ్యలోంచి అడుగుపెడతారు. కాసేపు అటూ ఇటూ చూసి వెళ్లిపోతారు.

దీనికోసమే చాలామంది తమ ఖాతాలో అన్నిటికన్నా పైన ఒక పరిచయ పోస్టు పెడతారు. 'ఇక్కడి నుంచి మొదలుపెట్టండి' అన్నది దాని శీర్షిక. అది ఒక్క బొమ్మ కాదు, వేలితో పక్కకు జరుపుతూ చదివే బొమ్మల వరస. దాన్నే కరూసెల్ అంటారు. ఇన్‌స్టాగ్రామ్ 2017లో ఈ సదుపాయం తెచ్చినప్పుడు ఒక పోస్టులో 10 బొమ్మల వరకే పట్టేవి. 2024లో దాన్ని 20కి పెంచారు. పరిచయానికి అన్ని అక్కర్లేదు, ఏడు చాలు. ఆ ఏడింటిలో ఏం ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

విజయవాడలో ఒక గృహిణి మిద్దెతోట మీద ఖాతా తెరిచారనుకుందాం. ఆమె పెట్టిన వాటిలో ఎక్కువమంది చూసింది పందిరి నిండా వేలాడే సొరకాయల రీల్. దాన్ని చూసి వచ్చినవారికి ఆమె ఏం చెప్పాలి?

మొదటి స్లయిడ్ దగ్గరే చాలా ఖాతాలు తప్పటడుగు వేస్తాయి. 'నమస్తే, నా కొత్త పేజీకి స్వాగతం' అని పెద్ద అక్షరాల్లో రాసి, పక్కన తమ ఫొటో పెడతాయి. స్వాగతం మర్యాదే కానీ, ఆ మాట ఏ ఖాతాకైనా సరిపోతుంది. 'మిద్దె మీద కూరగాయలు పెంచాలని ఉందా? ఎప్పుడూ పెంచలేదా? ఇక్కడి నుంచి మొదలుపెట్టండి' అని రాస్తే ఇది ఎవరికోసమో ఒక్క చూపులో తెలుస్తుంది. తనకోసం కాదనుకున్నవారు అక్కడే ఆగిపోతారు. అది నష్టమేమీ కాదు.

రెండో స్లయిడ్‌లో ఆమె ఎవరో రెండు మూడు వాక్యాల్లో చెబితే చాలు. ఎన్నేళ్లుగా పెంచుతున్నారు, మిద్దె ఎంత, నీళ్లు ఎక్కడివి. పాఠకుడు తన ఇంటితో పోల్చుకోవడానికి పనికొచ్చే వివరాలు ఇవే. చదువు, ఉద్యోగం, అభిరుచుల జాబితా ఇక్కడ అడ్డు. ఈ స్లయిడ్ విడిగా చూసినా అర్థమయ్యేలా ఉండాలి. మొదటి బొమ్మ చూసి పక్కకు జరపకుండా వెళ్లిపోయిన వారికి ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి అదే పోస్టును రెండో బొమ్మతో మళ్లీ చూపిస్తుంది. ఆ బొమ్మ సగం వాక్యంతో మొదలైతే వచ్చిన రెండో అవకాశం కూడా పోతుంది.

మూడో స్లయిడ్‌లో ఈ ఖాతా ఏం ఇస్తుందో చెప్పాలి. 'తోటపని గురించి అన్నీ' అంటే ఏమీ చెప్పనట్టే. 'ఆకుకూరలు, తీగజాతి కూరగాయలు, పురుగు మందులు కొట్టకుండా తెగుళ్లను అదుపు చేయడం. ఆదివారం ఒక కొత్త పంట' అంటే చదివినవారు దేనికోసం ఎదురుచూడాలో తెలుస్తుంది. వారానికి ఒకటి రాయగలిగినవారు రోజుకొకటి అని ప్రకటించకూడదు. కొత్త ఖాతా మీద నమ్మకం మొదట పోయేది ఇలా నిలబెట్టుకోలేని మాట దగ్గరే.

తరవాతి మూడు స్లయిడ్లే ఈ పోస్టుకు ప్రాణం. మొదట చదవాల్సిన మూడు పోస్టులు, ఒక్కోదానికి ఒక్కో స్లయిడ్. వాటిని ఎలా ఎంచుకోవాలి? ఎక్కువ లైకులు వచ్చినవి పెట్టాలనిపించడం సహజం. మన మిద్దెతోటలో అది సొరకాయ రీల్. కానీ సొర కొత్తవారి పంట కాదు. దానికి పెద్ద తొట్టి కావాలి, పందిరి కావాలి. పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. తేనెటీగలు రాని మిద్దె మీద ఆ వేళకు మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు మనమే అంటించాలి. అది తెలియక మొదలుపెట్టినవారి పిందెలు పసుపుబారి రాలిపోతాయి. వాళ్లు తోటనూ ఖాతానూ రెంటినీ వదిలేస్తారు.

అందుకే మూడు పోస్టులను చేయాల్సిన పని వరసలో ఎంచుకోవాలి. మొదటిది తొట్లు ఎక్కడ పెట్టాలన్నది. 20 లీటర్ల బకెట్టు నిండా తడిమట్టి ఉంటే పాతిక కిలోలు దాటుతుంది. అలాంటివి పదుల కొద్దీ స్లాబు నడిమధ్యన పేర్చకూడదు, దూలాలు, స్తంభాలు ఉన్న అంచుల వెంట పెట్టుకోవాలి. అడుగున ఇటుకలు పెట్టి తొట్టిని కాస్త ఎత్తితే నీళ్లు నిలవ్వు. రెండోది మట్టి కలుపుకోవడం గురించి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు ఏ పాళ్లలో కలపాలో చెప్పే పోస్టు. మూడోది తోటకూర. నెల తిరక్కుండా కోతకు వస్తుంది, లోతు లేని తొట్టి సరిపోతుంది. మొదటి పంట చేతికి వస్తే మనిషి రెండో పంటకు సిద్ధమవుతాడు. సొరకాయ రీల్ ఎక్కడికీ పోదు, ఆ తరవాత చూస్తారు.

ఈ మూడు స్లయిడ్ల మీద పోస్టు పేరు రాసి వదిలేయకుండా, అది చదివితే ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో ఒక్క వాక్యం రాయాలి. 'నా మిద్దె బరువు మోస్తుందా?' అన్న ప్రశ్న 'తొట్ల అమరిక, భాగం 1' కన్నా ఎక్కువమందిని లోపలికి తెస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన చిక్కు ఉంది. స్లయిడ్ మీద 'ఈ పోస్టు చదవండి' అని రాస్తాం, పాఠకుడు దాని మీద నొక్కుతాడు, ఏమీ తెరుచుకోదు. కింద రాసే క్యాప్షన్‌లో లింకు అతికించినా అది ఉత్త అక్షరాలుగానే ఉంటుంది. దారి చూపించి తలుపు మూసినట్టవుతుంది. దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి పిన్ చేయడం. 2022 నుంచి ప్రొఫైల్ పైవరసలో మూడు పోస్టులను కదలకుండా నిలిపే వీలుంది. పరిచయ పోస్టుకు ఒక చోటు పోతే రెండు మిగులుతాయి. వాటిలో తొట్ల పోస్టూ మట్టి పోస్టూ పెట్టవచ్చు. చివర పిన్ చేసింది ముందుకు వస్తుంది కాబట్టి పరిచయ పోస్టును ఆఖరున పిన్ చేయాలి.

రెండోది హైలైట్. ఎంచుకున్న మూడు పోస్టులనూ ఒక్కొక్కటిగా స్టోరీలో షేర్ చేసి, ఆ స్టోరీలను 'మొదట ఇవి' అన్న పేరుతో హైలైట్‌గా దాచుకోవాలి. ప్రొఫైల్‌లో బయో కింద గుండ్రంగా కనిపించేది అదే. స్టోరీలో ఉన్న పోస్టు మీద నొక్కితే అసలు పోస్టు తెరుచుకుంటుంది. కాబట్టి స్లయిడ్‌లో 'పైన మొదట ఇవి అన్న గుండ్రం నొక్కండి' అని రాస్తే పాఠకుడికి నిజంగా దారి దొరుకుతుంది. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవడం వల్లే ఎంతో శ్రద్ధగా చేసిన పరిచయ పోస్టులు కూడా చూసి వదిలేసేవిగా మిగిలిపోతున్నాయి.

ఏడో స్లయిడ్‌లో ఇక్కడ దొరకనివి చెప్పి, ఒకే ఒక్క కోరిక కోరాలి. 'విత్తనాలు అమ్మను. పొలం పంటల గురించి రాయను' అని ముందే చెబితే ఆమెకు రోజూ వచ్చే మెసేజ్‌లలో సగం తగ్గుతాయి. కోరిక కూడా ఆ ఖాతా పనికి తగ్గది కావాలి. 'దీన్ని సేవ్ చేసుకోండి, తొట్టి కొనే రోజున తీసి చూడండి' అనడం ఈ పోస్టుకు సరిపోతుంది. లైక్, షేర్, కామెంట్, ఫాలో అన్నీ ఒకేసారి అడిగితే ఏదీ జరగదు.

తెలుగులో చేసేవారికి అక్షరాల సంగతి వేరే చూసుకోవాలి. మన లిపిలో వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల ఎడం పెడితే పై వరస వత్తులు కింది వరస తలకట్లను తాకుతాయి. ఎడం పెంచక తప్పదు. కొన్ని డిజైన్ యాప్‌లలో తెలుగుకు పనికిరాని ఫాంటు ఎంచుకుంటే వత్తులు విడిపోయి పక్కకు పడతాయి. 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటలు ముందుగా టైప్ చేసి చూస్తే ఆ లోపం వెంటనే బయటపడుతుంది. శీర్షికలకు రామభద్ర, లోపలి మాటలకు మండలి ఉచితంగా దొరికే మంచి ఫాంట్లు. బొమ్మ కొలత 1080 వెడల్పు, 1350 ఎత్తు పెట్టుకోవచ్చు. 2025 నుంచి ప్రొఫైల్ చదరాలు నిలువుగా మారాయి. ఈ కొలత బొమ్మకు అక్కడ రెండు పక్కలా కొంచెం కోత పడుతుంది. అందుకని అక్షరాలను అంచుల దాకా తీసుకుపోకూడదు.

బయోలో కూడా ఇదే ఇబ్బంది. అక్కడ 150 అక్షరాలకే చోటు. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే 'స్త్రీ' కంప్యూటర్ లెక్కలో ఆరు. అంటే తెలుగులో ఆ చోటు చాలా తొందరగా నిండిపోతుంది. బయోలో ఒక్క వాక్యం రాసి, మిగతా పరిచయం అంతా కరూసెల్‌కు వదిలేయడం మేలు.

పోస్టు పెట్టిన తరవాత స్లయిడ్ లోపలి అక్షరాలను దిద్దలేం. ఒక స్లయిడ్‌ను తీసేయవచ్చు, క్యాప్షన్‌ను ఎప్పుడైనా మార్చవచ్చు. కాబట్టి మారే విషయాలు, అంటే ధరలు, తేదీలు, ఏ వారం ఏ పంట అన్నవి, క్యాప్షన్‌లోనే ఉంచాలి. ఇంటి చిరునామా, వీధి తెలిసిపోయే ఫొటో రెండింటిలోనూ వద్దు. మిద్దె మీద నుంచి తీసిన ఫొటోల్లో పక్క దుకాణం బోర్డు కనిపించడం మామూలే, ఒకసారి పరీక్షగా చూసుకోవాలి.

ఇది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి లైకులు చూడక్కర్లేదు, వచ్చే ప్రశ్నలు చూడాలి. పరిచయ పోస్టు పైన ఉండగా కూడా 'ఎక్కడ మొదలుపెట్టాలండీ?' అని అడుగుతూనే ఉంటే ఆ మూడు స్లయిడ్లు గానీ హైలైట్ దారి గానీ అర్థం కాలేదన్నమాట. 'మట్టి కలిపాను, తోటకూరకు బదులు పాలకూర వేయొచ్చా?' అని అడిగారంటే వాళ్లు వరసగా చదివి ముందుకు వెళ్తున్నారు. ప్రచురించే ముందు కూడా ఒక పరీక్ష పెట్టవచ్చు. తోటపని తెలియని ఇంట్లోవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, ఇందులో ముందు ఏది చదువుతారో చూపించమనాలి. వాళ్లు తడబడిన చోటు దిద్దాల్సిన చోటు.

కొత్తగా ఖాతా తెరిచేవారికి ఒక్క మనవి. ఈ పోస్టును మొదటి రోజే పెట్టకండి. చూపించడానికి మూడు మంచి పోస్టులు లేనప్పుడు పరిచయం ఖాళీ మాటలతోనే నిండుతుంది. ముందు ఆ మూడూ రాయండి, వాటి మీద వచ్చే ప్రశ్నలు చదవండి, ఆ తరవాత ఈ ఏడు స్లయిడ్లూ చేయండి.