పరదేశపు కీబోర్డు

కీబోర్డు పై వరుసలో మొదటి ఆరు అక్షరాలు చూస్తే దాని అమరిక తెలుస్తుంది. మన దేశంలో వాడేది QWERTY. ఫ్రాన్స్‌లో AZERTY, జర్మనీ, ఆస్ట్రియాల్లో QWERTZ వాడతారు.

జర్మన్ అమరికలో ప్రధానంగా Y, Z స్థానాలు మారతాయి. ఫ్రెంచి అమరికలో మార్పులెక్కువ. A, Q ఒకదాని చోటికి ఒకటి వస్తాయి. Z, W కూడా అంతే. M, L పక్కకు చేరుతుంది. అంకెలకూ, ఫుల్‌స్టాప్‌కూ షిఫ్ట్ నొక్కాలి.

అసలు చిక్కు పాస్‌వర్డ్ దగ్గర వస్తుంది. పారిస్ హోటల్ కంప్యూటర్‌లో చూడకుండా, అలవాటు చొప్పున Amaya27 అని కొడితే పడేది Q,qyqéè. తెరపై చుక్కలే కనిపిస్తాయి కనుక తప్పు తెలియదు. పదేపదే ప్రయత్నిస్తే ఖాతా తాత్కాలికంగా లాక్ కావచ్చు. అందుకే ముందుగా యూజర్ పేరు గడిలో aqwyzm27 వంటి అక్షరాలు కొట్టి సరిచూసి, చెరిపేయాలి.

ఈమెయిల్‌కు కావలసిన @ గుర్తు స్పేస్‌బార్‌కు కుడివైపున్న AltGr మీటతో వస్తుంది. విండోస్‌లో ఫ్రెంచి కీబోర్డుపై దాన్ని పట్టుకుని పై వరుసలోని 0 మీటను, జర్మన్ కీబోర్డుపై Q మీటను నొక్కాలి.

ఏ మీటకు ఏ అక్షరమో నిర్ణయించేది సాఫ్ట్‌వేరే. విండోస్‌లో ఇంగ్లిష్ అమరిక ముందే చేర్చి ఉంటే, విండోస్ మీటతో స్పేస్‌బార్ నొక్కి దానికి మారవచ్చు. అయితే మీటలపై అచ్చైన అక్షరాలు మారవు కాబట్టి, చూడకుండా టైపు చేసేవారికే ఇది సులువు. మిగతావారు అమరిక మార్చకుండా, మీటలు చూస్తూ నెమ్మదిగా కొట్టడమే మేలు.