లింకుకీ ఇంటిపేరు ఉంటుంది: మన పెద్దవాళ్ళకు చెప్పాల్సిన పావుగంట పాఠం

పాపకూరలో ఏ వీధికి వెళ్ళినా ఇప్పుడు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కనిపిస్తున్నారు. మనం డ్యూటీలకు, పిల్లలు స్కూళ్ళకు వెళ్ళిపోయాక పగలంతా వాళ్ళకు తోడు ఫోనే. చాలామంది ఫోన్లలో రెండు సిమ్‌లు ఉంటాయి. ఒకటి ఇక్కడిది, రెండోది బ్యాంకు ఓటీపీల కోసం రీఛార్జ్ చేయిస్తూ ఉంచుకున్న ఇండియాది. అంటే మోసపు మెసేజీలు రెండు దేశాల నుంచీ వస్తాయన్నమాట. నాన్నగారి పెన్షన్ పడే ఖాతా కూడా ఆ ఫోనుకే ముడిపడి ఉంటుంది.

"తెలియని లింకులు నొక్కొద్దు నాన్నా" అని మనం రోజూ చెప్తూనే ఉంటాం. కానీ మోసపు లింకు తెలియనిదానిలా రాదు. బాగా తెలిసిన ఆఫీసు పేరు పెట్టుకునే వస్తుంది. అందుకే నొక్కొద్దు అనడం కంటే చదవడం నేర్పితే మేలు. మీ వీధిలో నలుగురు పెద్దవాళ్ళు కూర్చున్న చోట చదివి వినిపించడానికి వీలుగా ఈ చిన్న ప్రసంగం రాశాను. మీ ఇంటి మాటల్లోకి మార్చుకుని చెప్పండి.

ముందు రెండు ఏర్పాట్లు చేసుకోండి. కింద ఇచ్చిన లింకుల్ని కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంచండి. ఫోన్లు కాసేపు సంచుల్లోనే ఉండనివ్వండి. నిజంగా వచ్చిన మోసపు మెసేజీని మాత్రం చూపించడానికని గ్రూపులోకి పంపకండి, ఎవరో ఒకరి వేలు దాని మీద పడుతుంది. కాగితం మీది లింకుల చివర `.example` అని ఉంటుంది. అది నేర్పడానికే పక్కన పెట్టిన తోక, దాన్ని ఎవరికీ అమ్మరు. కాబట్టి భయం లేదు.

ఇక ప్రసంగం.

మొదటి ఐదు నిమిషాలు: ఇంటిపేరు ఎక్కడుంది?

పెద్దలందరికీ నమస్కారమండీ. ఇవాళ ఒక్క విషయమే మాట్లాడుకుందాం. మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. ఇక్కడి వాళ్ళకు ఇంటిపేరు చివర్లో ఉంటుంది కదా. లింకుకి కూడా అంతే, ఇంటిపేరు చివర్లోనే ఉంటుంది. మోసగాడి ధైర్యమంతా మనం ముందున్నది చదివి ఆగిపోతామనే.

ఈ కాగితం చూడండి. ఇది న్యూజిలాండ్ రోడ్ల శాఖ, అంటే ఎన్‌జెడ్‌టీఏ వారి అసలు చిరునామా.

```
https://www.nzta.govt.nz/
```

మొదట ఉన్న `https://` ని వదిలేయండి. మోసగాళ్ళ సైట్లకు కూడా అది ఉంటుంది, పక్కన తాళం బొమ్మ కూడా ఉంటుంది. అక్కడి నుంచి ముందుకెళ్ళి మొదటి ఏటవాలు గీత `/` దగ్గర ఆగండి. ఆ గీత తర్వాత ఏముందో మనకు అక్కర్లేదు, చేత్తో మూసేయండి. ఇప్పుడు గీత దగ్గర నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకి, చుక్కా చుక్కా చదవండి.

`govt.nz` అన్నది ఊరు అనుకోండి. దానికి ముందున్న `nzta` ఇంటిపేరు. అంతకంటే ముందున్నవన్నీ పెట్టుకున్న పేర్లు. మీ పిల్లాడికి తారక రామారావు అని మీరు పేరు పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. అంతమాత్రాన మీరు నందమూరి వారైపోరు కదా! లింకులో కూడా ఇంటిపేరు కొనుక్కున్నవాడు దాని ముందు తనకు నచ్చిన మాటలు ఎన్నైనా పెట్టుకోవచ్చు.

ఊరు కూడా చూసుకోవాలండీ. `govt.nz` ఊళ్ళో ప్రభుత్వ సంస్థలకు తప్ప వేరేవాళ్ళకు చోటివ్వరు. మన దేశంలో `gov.in` అలాంటిదే. `co.nz`, `com` ఊళ్ళు అలా కాదు, డబ్బులు కట్టి ఎవరైనా ఇల్లు తీసుకోవచ్చు. పోస్టాఫీసు వారి అసలు చిరునామా `nzpost.co.nz`. అందులో ఇంటిపేరు ఉన్నదున్నట్టు `nzpost` అని ఉండాలి. దాని పక్కన అడ్డగీత పెట్టి ఇంకో మాట చేరిస్తే అది వేరే ఇల్లు.

మన బ్యాంకులకైతే ఇప్పుడు ప్రత్యేకంగా ఒక ఊరే కట్టారు. రిజర్వు బ్యాంకు 2025లో ఇండియాలోని బ్యాంకులన్నీ `bank.in` కి మారాలని చెప్పి, అక్టోబరు 31 దాకా గడువిచ్చింది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థే, బ్యాంకులకు తప్ప ఇవ్వదు. స్టేట్ బ్యాంకు ఇప్పుడు `sbi.bank.in`.

తర్వాతి ఐదు నిమిషాలు: టోలు మెసేజీ

ఇప్పుడు ఒక మెసేజీ వచ్చిందనుకుందాం. "మీ టోలు బాకీ ఉంది. ఇవాళే కట్టకపోతే జరిమానా పడుతుంది." కింద లింకు ఉంది. ఇలాంటి టోలు మెసేజీలు ఎన్‌జెడ్‌టీఏ పేరుతో ఇక్కడ చాలా ఫోన్లకు వచ్చాయి. కాగితం మీద మూడు రకాలు రాశాను. ఒక్కొక్కరు ఒక్కో దాని ఇంటిపేరు కింద గీత గీయండి.

```
https://nzta.govt.nz.toll-pay.example/roads
https://toll-pay.example/nzta.govt.nz
https://nzta-govt-nz.example/pay
```

*(ఇక్కడ ఆగండి. జవాబు మీరు చెప్పకండి, వాళ్ళనే చెప్పనివ్వండి.)*

మొదటి దాంట్లో `nzta.govt.nz` అక్షరం పొల్లు పోకుండా ఉంది. కానీ అది మొదట్లో ఉంది. ఏటవాలు గీత దగ్గర నుంచి వెనక్కి వస్తే తగిలే ఇంటిపేరు `toll-pay`. రెండో దాంట్లో అసలు పేరు గీతకు అవతల ఉంది, అంటే మనం చేత్తో మూసేసిన భాగంలో. మూడోదాంట్లో చుక్కలు ఉండాల్సిన చోట అడ్డగీతలు ఉన్నాయి. అడ్డగీత మాటల్ని కలుపుతుంది, చుక్క విడదీస్తుంది. కాబట్టి `nzta-govt-nz` మొత్తం ఒకే ఇంటిపేరు, ఎవరో కొత్తగా కొనుక్కున్నది. మూడూ మోసాలే.

లింకు చదవక ముందే అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. అసలు మనం ఆ రోడ్డు మీద వెళ్ళామా? పాపకూర నుంచి ఆక్లాండ్ సిటీకి వెళ్ళే మోటర్‌వే మీద టోలు లేదు. ఉన్నది సిటీ దాటాక ఉత్తరాన, ఒరేవా దగ్గర మొదలయ్యే రోడ్డు మీద. నిజంగానే అటు వెళ్ళొచ్చి ఉంటే సాయంత్రం అమ్మాయో అబ్బాయో ఇంటికొచ్చాక ఎన్‌జెడ్‌టీఏ సైటు పేరు తామే టైపు చేసి చూస్తారు. కట్టడానికి ప్రయాణం తర్వాత ఐదు రోజుల గడువు ఉంటుంది. సాయంత్రం దాకా ఆగితే మునిగిపోయేదేమీ లేదు.

"మెసేజీ పైన బ్యాంకు పేరే ఉంది కదమ్మా" అని ఎవరైనా అడుగుతారు. ఆ పేరు నమ్మడానికి లేదండీ. 2024లో ఆక్లాండ్‌లో ఒక కుర్రాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. సెల్ టవర్‌లా నటించే యంత్రంతో, చుట్టుపక్కల ఫోన్లకు బ్యాంకు పంపినట్టు కనిపించే మెసేజీలు పంపాడని కేసు. న్యూజిలాండ్‌లో అలాంటి యంత్రం దొరకడం అదే మొదలు. పంపినవారి పేరు దొంగది కావచ్చు, లింకు కింద కనిపించే బొమ్మ, లోగో కూడా దొంగవి కావచ్చు. లింకులోని ఇంటిపేరు మాత్రం వాడు దాచలేడు.

చివరి ఐదు నిమిషాలు: ఇంటిపేరు చూసినా చాలని చోట్లు

కొన్ని లింకులు పొట్టిగా ఉంటాయి, `bit.ly` లాంటివి. అది ముసుగు. లోపల ఎవరున్నారో బయటికి కనపడదు కాబట్టి చదివి లాభం లేదు, వదిలేయడమే. ఈమెయిల్లో "ఇక్కడ నొక్కండి" అని నీలం అక్షరాలుంటే అదీ ముసుగే. ఇంకోటి, ఇంటిపేరు `google.com` అని ఉన్నా అది ఫారం అయితే దాన్ని ఎవరైనా తయారు చేసి ఉండొచ్చు. గూగుల్ ఇల్లు పెద్ద సత్రం లాంటిది. అలాంటి ఫారంలో కార్డు నంబరు, ఓటీపీ రాయకూడదు.

ఇండియా సిమ్‌కి వచ్చే ప్రమాదం వేరే రకం. వాట్సాప్‌లో "మీ బండికి చలానా పడింది" అని వస్తుంది, కింద లింకు ఉండదు, ఒక ఫైలు ఉంటుంది. పెళ్ళి శుభలేఖ పేరుతోనూ వస్తుంది. ఫైలు పేరు చివర చూడండి:

```
RTO E Challan.apk
```

ఆ చివరి మూడక్షరాలు `apk` అంటే అది కాగితమూ కాదు, ఫొటో కూడా కాదు. ఫోన్లో దిగి కూర్చునే యాప్. ఒప్పుకున్నామంటే మనకొచ్చే మెసేజీలు చదువుతుంది, ఓటీపీలు వాళ్ళకు పంపుతుంది. తెలిసిన చుట్టాల నంబరు నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ళ ఫోను ముందే చిక్కి ఉంటుంది. మీ స్కూటరు అక్కడ ఇంట్లో తాళం వేసి ఉంది, చలానా ఎలా పడుతుంది? అనుమానం తీరకపోతే `echallan.parivahan.gov.in` అని మనమే టైపు చేసి బండి నంబరుతో చూసుకుందాం.

ఒకవేళ నొక్కేస్తే? దాచుకోకండి, ఎవరూ తిట్టరు. ఊరికే నొక్కి, ఏమీ నింపకుండా మూసేస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు, అయినా ఇంట్లో చెప్పండి. కార్డు వివరాలు రాసేస్తే సాయంత్రం దాకా ఆగొద్దు. కార్డు వెనకున్న నంబరుకి వెంటనే ఫోన్ చేసి కార్డు ఆపించండి. యాప్ దిగిపోతే ఫోన్ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పాలి. ఇండియా ఖాతాలో డబ్బు పోతే అక్కడున్న మనవాళ్ళతో 1930కి చేయించండి. ఇక్కడి పోలీసులకు 105.

ప్రసంగం అయ్యాక

ఇప్పుడు ఫోన్లు బయటికి తీయించండి. ప్రతి ఒక్కరి ఫోన్లో రెండు పనులు చేసి పెట్టండి. మొదటిది, వాళ్ళ బ్యాంకు అసలు సైటును బుక్‌మార్క్ చేయడం. రెండోది, కాంటాక్టుల్లో 7726ని "దొంగ మెసేజీ" అని తెలుగులో సేవ్ చేయడం. ఇక్కడి సిమ్‌కి మోసపు ఎస్సెమ్మెస్ వస్తే దాన్ని అలాగే ఆ నంబరుకి ఫార్వర్డ్ చేయొచ్చు, ఖర్చు లేదు. అది ఇంటర్నల్ అఫైర్స్ శాఖకు చేరుతుంది.

వారం తర్వాత టీ తాగేటప్పుడు కొత్తగా రెండు లింకులు కాగితం మీద రాసి చూపించండి, ఒకటి అసలుది, ఒకటి నకిలీది. ఒక్కసారి వింటే ముందున్నదే చదివే అలవాటు పోదు. వేలు ఏటవాలు గీత దగ్గర పెట్టి వెనక్కి చదువుతున్నారంటే పాఠం పట్టుబడినట్టే.