అక్క పంపిన రిపోర్ట్

అక్క కొడుకుకి 22 నెలలు. డాక్టర్ రాసిన కాగితం ఫోటో తీసి నాకు పంపింది: "ఇంగ్లీష్ మీడియం నువ్వేగా, తెలుగులో చెప్పరా." అందులో డెవలప్‌మెంటల్ డిలే అని, ఆటిజం స్క్రీనింగ్ పాజిటివ్ అని ఉంది.

డిలే అంటే ఎదుగుదలలో ఆలస్యం. ఆ వయసుకి రావాల్సిన నడక, మాట వెనకపడటం. ఆటిజం ఆలస్యం ఒక్కటే కాదు, తీరులోనే తేడా. నీళ్ళు కావాలంటే మావాడు అక్క చెయ్యి పట్టుకుని ఫిల్టర్ దగ్గరికి లాక్కెళ్తాడు. వేలితో చూపించి ఆమె మొహంలోకి చూడడు. డబ్బా మూత తిప్పుతూ అలాగే కూర్చుంటాడు. పిలిచినా తిరగడు. సరిగా వినపడకపోయినా తిరగరు కాబట్టి ముందు వినికిడి పరీక్ష చేయించమన్నాను. స్క్రీనింగ్ అంటే 20 ప్రశ్నల జల్లెడ మాత్రమే. నిర్ధారణ డాక్టర్ పిల్లాణ్ణి చూసి చేయాలి.

"మూడేళ్ళొచ్చేదాకా చూద్దాం, వీళ్ళ నాన్నకీ మాటలు లేటే" అన్నారు అక్క అత్తగారు. కానీ నిర్ధారణ అయ్యేదాకా కూడా ఆగక్కర్లేదు, థెరపీ ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. చాలా జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రం ఉంటుంది, అక్కడ ఉచితం. ఇంట్లో అయితే బిస్కెట్‌ని అక్క తన కళ్ళ దగ్గర పట్టుకుని 5 సెకన్లు ఆగాలి. వాడు చూసినా, చెయ్యి చాపినా "బిస్కెట్" అంటూ వెంటనే ఇచ్చెయ్యాలి. ఏడిచేదాకా ఆపకూడదు.

నిన్న రాత్రి అక్క వాయిస్ మెసేజ్: "రెండుసార్లు చూశాడురా."