నెట్ పోయింది సార్... ఎన్నింటికి?

హైదరాబాద్‌లో ఒక పన్ను సలహాదారు ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను. మూడో అంతస్తు, 14 సీట్లు. నెలనెలా జీఎస్టీ 3బి రిటర్ను వేసే వ్యాపారులకు 20వ తేదీ గడువు కాబట్టి, 18 నుంచే మాకు ఊపిరాడేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నెట్ పోయేది. పోయి నాలుగు నిమిషాల్లో వచ్చేది. నాలుగు నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ ఓటీపీ కోసం క్లయింటుకు ఫోన్ చేసి, ఆయన కళ్లజోడు వెతుక్కుని అంకెలు చదివేసరికి పోర్టల్ మనల్ని బయటికి తోసేసి ఉండేది. మళ్లీ మొదటినుంచి.

బిల్డింగ్ ఫెసిలిటీ మేనేజర్‌కు ఫోన్ చేసి, "సార్, నెట్ మళ్లీ పోయింది" అనేవాళ్లం. ఆయన మనిషిని పంపేవారు. ఆ మనిషి మెట్లెక్కి వచ్చేసరికి నెట్ ఉండేది. కంప్లయింట్ క్లోజ్. ఇలా మూడుసార్లు జరిగాక ఆయన విసుగ్గానే అన్నారు: "కరెంటు పోయిన పది సెకన్లలో జనరేటర్ వస్తోంది కదమ్మా. నెట్ సంగతి కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడగండి." వాళ్లను అడిగితే లైన్ భేషుగ్గా ఉందన్నారు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. అందుకే సమస్య తెగలేదు.

మా సీనియర్ అకౌంటెంట్ ఒకావిడ, లెక్క రాయనిది నిద్రపట్టని మనిషి, గోడ క్యాలెండర్ పాత కాగితం తిరగేసి నాలుగు గళ్లు గీశారు. పోయిన టైము, వచ్చిన టైము, ఎవరెవరి సీట్లకు పోయింది, ఆ సమయంలో ఏది మాత్రం పనిచేస్తూనే ఉంది. టైము ఫోన్‌లో చూసి రాయాలన్నది ఆవిడ షరతు, ఎందుకంటే మా గోడగడియారం ఎప్పుడూ ఆరు నిమిషాలు ముందుండేది.

మొదటి మూడు గళ్లు ఎవరైనా రాస్తారు. అసలు గుట్టు నాలుగో గడిలో ఉంది. ఏది ఆగిపోయిందో అందరికీ కనిపిస్తుంది, ఏది ఆగలేదో ఎవరూ చూడరు. 12 రోజుల్లో ఏడుసార్లు నెట్ పోయింది. ఏడుసార్లూ కిటికీ వైపు 8 సీట్లకే పోయింది, తలుపు వైపు 6 సీట్లకు పోలేదు. బయటి లైనే తెగి ఉంటే అందరికీ పోవాలి. అంటే కనెక్షన్ వాళ్లు నిజమే చెప్పారు, తప్పు మా గోడల లోపలే ఉంది. ఇంకో కుర్రాడు కిటికీ వైపు కంప్యూటర్‌లో `ping -t 192.168.1.1` అని కొట్టి వదిలేశాడు. ఆ అంకెలు మా రౌటర్ చిరునామా. మీ ఆఫీసులో వేరే ఉండొచ్చు. `ipconfig` కొడితే `Default Gateway` అన్నచోట కనిపిస్తుంది. నెట్ పోయినప్పుడు రౌటరే జవాబివ్వకుండా `Request timed out.` అని వస్తే, అడ్డం మన సీటుకూ రౌటర్‌కూ మధ్యనే. రౌటర్ పలుకుతూ నెట్ మాత్రమే రాకపోతే అప్పుడు బయటివాళ్లను పట్టుకోవాలి. మాకు రౌటరే పలకలేదు.

నాలుగో గడిలో ఇంకొకటి కూడా ఉంది. ప్రతిసారీ లైట్లు ఒకసారి ఆరి వెలిగాయి, కంప్యూటర్లు మాత్రం ఆరలేదు. మామూలు ఆఫీసుల్లో రెండు రకాల సాకెట్లుంటాయి. ఒకటి యూపీఎస్ కరెంటు, రెండోది రా పవర్, అంటే నేరుగా వచ్చేది. కంప్యూటర్లు యూపీఎస్ మీద, లైట్లూ ఏసీలూ రా పవర్ మీద. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లు యూపీఎస్ బ్యాటరీలు మోస్తాయి. మరి కంప్యూటర్లు బతికే ఉండి, నెట్ మాత్రం పోతోందంటే, దారిలో ఏదో పెట్టె రా పవర్ మీద ఉందన్నమాట.

ఆ పెట్టె నెట్‌వర్క్ స్విచ్. పేరు స్విచ్చే గానీ లైటు వేసే స్విచ్ కాదు. ఒక తీగతో వచ్చిన నెట్‌ను పది సీట్లకు పంచే చిన్న డబ్బా. దానికి కరెంటు ఒక్క సెకను తప్పినా మళ్లీ మొదలై పనిలోకి రావడానికి నిమిషాలు తీసుకునే రకాలున్నాయి. మేనేజర్ లెక్కలో పది సెకన్లు, మా లెక్కలో నాలుగు నిమిషాలు. తేడా అక్కడుంది.

ఈసారి ఫోన్ చేయలేదు. మెయిల్ పెట్టాం:

"మూడో అంతస్తులో కిటికీ వైపు 8 సీట్లకు 12 రోజుల్లో 7 సార్లు నెట్ పోయింది, ప్రతిసారీ సుమారు 4 నిమిషాలు. టైములు జతచేశాం. ప్రతిసారీ లైట్లు ఆరి వెలిగాయి, కంప్యూటర్లు ఆరలేదు, మిగతా 6 సీట్లకు నెట్ ఉంది. ఈ టైములను మీ జనరేటర్ పుస్తకంతో పోల్చి చూడండి. ఆ వైపు స్విచ్‌కు యూపీఎస్ కరెంటు ఉందో లేదో చూపించండి. 20వ తేదీ లోపు కావాలి, ఆ రోజు రిటర్నుల గడువు. పని అయ్యాక మెయిన్ ఒకసారి ఆపి చూసి, ఆ తర్వాతే కంప్లయింట్ క్లోజ్ చేయండి."

ఇందులో "స్విచ్ పాడైంది, మార్చండి" అని లేదు. మన ఊహను రోగనిర్ధారణగా రాసిచ్చామంటే వాళ్లు కొత్త డబ్బా తెచ్చి, అదే సాకెట్‌లో పెట్టి వెళ్లిపోతారు.

మేనేజర్ పుస్తకం తీశారు. జనరేటర్ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో ఆపరేటర్ రాసే రిజిస్టర్ అది. మా ఏడింటిలో ఐదు నిమిషంతో సహా కలిశాయి. రెండు కలవలేదు. మాలో ఒకరిద్దరు డీలాపడ్డారు గానీ, ఎలక్ట్రీషియన్ నవ్వాడు. కరెంటు పోగానే జనరేటర్ ప్యానెల్ ఉరకదట, కొన్ని సెకన్లు ఆగి నిజంగా పోయిందో లేదో చూసుకుంటుంది. రెప్పపాటు పోయి వస్తే అసలు మొదలే కాదు, పుస్తకంలో ఎక్కదు. స్విచ్‌కు మాత్రం ఆ రెప్పపాటే చాలు. కలవని రెండూ అలాంటివే అయ్యుంటాయన్నాడు.

ప్యాంట్రీ పైన ఫాల్స్ సీలింగ్ పలక తీస్తే స్విచ్ కనిపించింది. దాని ప్లగ్ రా పవర్ సాకెట్‌లో ఉంది. పక్కనే యూపీఎస్ సాకెట్, అందులో నీళ్ల ఫిల్టర్! అంతకుముందు రంగులు వేసినప్పుడు అన్నీ పీకి, చేతికందిన చోట పెట్టి ఉంటారు. మా తాగునీళ్లకు మాత్రం కరెంటు కోత ఎన్నడూ తెలియలేదు.

ప్లగ్గులు మార్చే పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. యూపీఎస్ మీద ఇప్పటికే ఎంత బరువుందో మనకు తెలియదు. ఇంకో నాలుగు వస్తువులు తగిలిస్తే అసలు సమయంలో అదే చేతులెత్తేస్తుంది. అలాగే కాలిన వాసన, వేడెక్కిన సాకెట్, ముట్టుకుంటే జివ్వుమనే డబ్బా, ఇవి క్యాలెండర్ మీద రాసి 12 రోజులు చూసేవి కావు. అప్పుడు చేయాల్సింది ఫోనే, ఆ క్షణమే. కంప్యూటర్లే ఆరిపోతున్నాయంటే కథ వేరు. అప్పుడు అనుమానం యూపీఎస్ బ్యాటరీల మీదికి పోతుంది. వరసలో ఒక్కటి నీరసించినా మొత్తం కూలుతుంది. ఊరికే ఉన్నప్పుడు బాగానే కనిపించి, బరువు పడగానే జారిపోతుంది.

19వ తేదీ సాయంత్రం ఏడింటికి మెయిన్ ఆపారు. లైట్లు పోయాయి. చీకట్లో 8 తెరల ముందు నిలబడి చూశాం, ఒక్కటీ నెట్ వదల్లేదు. మీటింగ్ రూములో మాత్రం వైఫై పోయింది. ఆ డబ్బా ఎక్కడుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. సీనియర్ అకౌంటెంట్ ఫోన్ వెలుతురులో క్యాలెండర్ కాగితం తీసి, ఎనిమిదో వరస మొదలుపెట్టారు.